మా ఇంటి మూడు వందల ఇటుకలు

మా ఆయన సమాధి మీద చెక్క సిలువ ఒకటే ఉండేది. రెండు వానాకాలాలు గడిచేసరికి అది మొదలు దగ్గర పుచ్చిపోయి ఒక పక్కకి ఒరిగింది. రాయి వేయించే స్తోమతు నాకు లేదు. ఆ చోటు కూడా మనది కాదు, కొన్నేళ్ళు పోతే అక్కడే ఇంకొకరిని పెడతారు. ఇరవై రెండేళ్ళు ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో బస్తాలు మోసిన మనిషి. ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ లేదు. ఆ సంగతి నన్ను లోపల తినేస్తుండేది. పైకి చెప్పుకునేదాన్ని కాదు. చెప్పుకుంటే వినడానికి మా లైను ఇళ్ళలో ఎవరికి తీరిక?

అలాంటప్పుడు సంఘంలో ఇటుక కానుక మాట వచ్చింది.

మా ప్రార్థన మందిరం అంటే వెదురు తడికలు, రేకుల కప్పు, అంతే. వాన పడితే వాక్యం వినబడేది కాదు. నేల మీద నీళ్ళు నిలిచి, మోకాళ్ళూనితే చీర తడిసేది. గోడలు కట్టుకుందామని పెద్దలు అనుకున్నారు. తెలుగు కుటుంబాలు ఇరవై ఉన్నాయి మాకు. సగం మంది డాకుల్లో, సగం మంది కార్పొరేషన్ చీపురు పనిలో. చందా అంటే ఎవరు ఎంత ఇచ్చారని తగువు వస్తుంది. అందుకని మా సంఘపెద్ద ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి ఇంటివాళ్ళూ ఇటుకల బట్టీకి స్వయంగా వెళ్ళాలి, మూడు వందల ఇటుకలు తమ చేతులతో ఏరుకోవాలి, ఎవరి పేరున ఇస్తున్నారో ప్రార్థనలో చెప్పాలి. బట్టీ అందరికీ ఒకటే. లారీ సంఘం పెట్టుకుంటుంది. దించినప్పుడు ఎవరి ఇటుకలు వాళ్ళ దొంతిగా విడివిడిగా పేర్చాలి.

సంఘపెద్ద అంటే పోర్టు సామాన్ల గోదాములో గుమాస్తా చేసి రిటైరైన మనిషి. సిమెంటు, ఇనుము, ఇటుకలు వస్తే పరీక్ష చేయించి లోపలికి తీసుకోవడం ఆయన ఉద్యోగం. అందుకే ఇటుకలంటే ఆయనకి పాఠంలాగ వచ్చు. నాకు పాఠం రాదు. నేను పదిహేనేళ్ళు మేస్త్రీల వెనక ఇటుకలు మోశాను, తల మీద ఎనిమిదేసి, పదేసి. వేలితో కొడితే ఏది కాలింది, ఏది కాలలేదు చెప్పేదాన్ని. నడుం పోయాక మోత మానేశాను గానీ చెవి పోలేదు.

"మా ఆయన పేరు మీద ఇస్తాను" అన్నాను ఆ ఆదివారం. నోరు విప్పి సంఘంలో మాట్లాడడం అదే మొదలు. ఆయన గోడలో ఉంటాడు. సిలువ పుచ్చిపోతే పోనీ, కాలిన ఇటుక పుచ్చదు కదా. నా మనసులో ఉన్నది ఇదే, ఇంతకంటే పెద్ద ఆలోచన లేదు.

బట్టీ గంగ ఒడ్డున, గార్డెన్ రీచ్ దాటి బజ్‌బజ్ దారిలో ఉండేది. బస్సు దిగి పొగగొట్టం చూసుకుంటూ పొలాల గట్ల మీద నడవాలి. చలికాలం. వాన పడని నెలల్లోనే బట్టీ నడుస్తుంది. గంగ మట్టిని అచ్చుల్లో కొట్టి, ఎండబెట్టి, గుండ్రంగా తిరిగొచ్చే గాడిలో పేర్చి కాలుస్తారు. నిప్పు గాడిలో ముందుకి నడుస్తూ పోతుంది. వెనక చల్లారిన వరసలు తీస్తుంటారు. నిప్పుకి మరీ దగ్గరున్న ఇటుక నల్లబడేదాకా కాలుతుంది. గోడ వారగా, పైపైన ఉన్నది సరిగ్గా కాలక పసుపు ముఖం వేసుకుని వస్తుంది. నడుమ ఉన్నదే ఏక్ నంబరు, మొదటి రకం.

అక్కడ పనివాళ్ళ మీద సర్దారు బీహారు మనిషి. పాన్ నములుతూ నులక ఖాట్ మీద కూర్చున్నాడు. దొంతి చూపించి, "ఇదంతా ఏక్ నంబరే మాసీ. లెక్కపెట్టుకుని పో" అన్నాడు. మాసీ అంటే అక్కడ పిన్ని.

"లెక్కెట్టుకుని పోడానికైతే ఇంత దూరం నానెందుకూ? ఏరుకుంతాను."

"ఏరుకో. ఇటుకలేమైనా వంకాయలా?"

"వంకాయైతే పుచ్చు పైకి కనిపిస్తాది బాబూ. ఇటిక్కి కనపడదు."

వాడు నవ్వాడు. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చున్నాను. కుడి చేత ఒకటి, ఎడమ చేత ఒకటి పట్టుకుని కొట్టడం. బాగా కాలినదైతే ఖణ్ మని గంట కొట్టినట్టు మోగుతుంది. సగం కాలినది డొబ్బుమంటుంది, తడి గోడని చేత్తో కొట్టినట్టు. లోపల పగులుంటే చిల్లుపడ్డ కుండలాగ బొరబొరమంటుంది. గోరుతో గీస్తే గీత పడకూడదు. గుండె ఎత్తు నుంచి గట్టినేల మీదకి వదిలితే విరగకూడదు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసినవి అన్నీ చేశాను. మూడు రోజులు వెళ్ళాను, రోజుకి వంద ఏరాను.

ఖణ్ మన్నవాటిలో కూడా మళ్ళీ ఏరాను. ఇంకా పైకి మోగినవి ఉంటాయి, సన్నగా, ఇనుము మీద ఇనుము కొట్టినట్టు. అవి ఎరుపు మీద కొంచెం నేరేడు రంగు తేలుతుంటాయి. అలాంటివే తీశాను. మా ఆయన పేరు మీద ఇచ్చేవి కదా. మామూలుగా మోగినదాన్ని పక్కన పడేశాను. సర్దారు రెండో రోజు లేచి వచ్చి చూసి అన్నాడు.

"మాసీ, అవి నిప్పు పక్కవి. కాస్త ఎక్కువ కాలినవి. ఈ వరస నుంచి కూడా తీసుకో."

"ఎక్కువ కాల్తే గట్టిదే గదా? నీకేటి నొప్పి?"

"నాకేం నొప్పి? నీ ఇష్టం" అని పోయాడు. వాడు చెప్పింది అంతే. అడిగితే ఇంకేమైనా చెప్పేవాడేమో, నేను అడగలేదు.

మా పక్కింటి ఆవిడ కార్పొరేషన్ చీపురు పనిలో ఉండేది. నా కంటే చిన్నది, నన్ను అప్పా అని పిలిచేది. పని వదిలాక మధ్యాహ్నం ఒక్క పూట వచ్చి, అంచున ఉన్న పసుపు దొంతిలో మూడు వందలు గబగబా లెక్కపెట్టించుకుంది. "సూడు ఓసారి, కొట్టి సూడు" అని నేను అన్నాను. "రేపు నాలుగుగంటలకి లేవాలప్పా, ఇటిక్కి సంగీతం నేర్పడానికి నాకాడ టైము లేదు" అంది. తన తల్లి పేరు మీద ఇస్తోంది. నేను మూతి తిప్పాను.

పార్టీ ఆఫీసులో ఒక మాట చెప్పందే లారీ మా గల్లీలోకి రాదు. సంఘపెద్ద వెళ్ళి చెప్పాడు. ఇటుకలు దిగాయి. ఇరవై దొంతులు మందిరం చుట్టూ లేచాయి. నాది ముందర పెట్టించుకున్నాను, వాక్యం చెప్పే వైపు గోడ మొదలయ్యే చోట. అక్కడి నుంచే కడతారని తెలిసి.

తర్వాత సంఘపెద్ద పరీక్ష అన్నాడు. బట్టీ వాడికి ఆఖరి డబ్బు ఇంకా ఇవ్వలేదు. పనికిరానివి తేలితే ఇప్పుడే తిప్పి పంపాలి, గోడ లేచాక ఎవడూ తీసుకోడు. ప్రతి దొంతి లోంచి, పైది కాకుండా నడిమి నుంచి, రెండేసి ఇటుకలు తీయించాడు. ముందు ఆరబెట్టాలన్నాడు. ఎండ చాలదట. మూల మీద రొట్టెల బట్టీ వాడిని బతిమాలి, రొట్టెలు తీసేశాక మిగిలిన వేడిలో ఇటుకలు పెట్టించాడు. "దాదా, వీటికి వెన్న రాయాలా?" అని వాడు అడిగాడు. అందరూ నవ్వారు, సంఘపెద్ద నవ్వలేదు. బరువు తూచి, మళ్ళీ పెట్టించి, మళ్ళీ తూచాడు. బరువు తగ్గడం ఆగాకే ఆరినట్టు లెక్క. తడి ఉన్న ఇటుకని నీళ్ళలో వేస్తే ఇంకేం తాగుతుంది? మంచిదానిలాగే కనబడుతుంది. అది ఆయన చెప్పాకే నాకు తెలిసింది.

చల్లారాక తూచి, సుద్దతో రాసి, పీపాలో మునిగేలా వేశాడు. మర్నాడు అదే వేళకి తీసి, తడిబట్టతో పైన తుడిచి, వెంటనే తూచాడు. పొడి బరువులో ఐదోవంతు కంటే ఎక్కువ నీళ్ళు తాగితే ఆ ఇటుక పనికిరాదు. గోడలో సిమెంటు నీళ్ళు తాగేస్తుంది, వానొస్తే చెమ్మ లోపలికి లాగుతుంది. చేపల కొట్టు నుంచి తెచ్చిన తరాజు ముందు ఇరవై ఇళ్ళవాళ్ళూ పరీక్ష ఫలితాలు చూసేవాళ్ళలాగ నిలబడ్డారు.

నావి మూడు కిలోల రెండు వందలకి మూడు వందల గ్రాములే తాగాయి. పదోవంతు కూడా లేదు. అందరికంటే తక్కువ. పక్కింటావిడవి బరువు మూడు కిలోలకి కాస్త తక్కువే, ఏడు వందల గ్రాములు తాగి కూర్చున్నాయి. ఇంకో రెండు తీసి, ఆరబెట్టి, అలాగే మళ్ళీ చూశాడు, అవీ అంతే తాగాయి.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఒలే, నీ ఇటికలు ఇటికలు కావే, తాగుబోతులు! సారా దుకాణం కాడ పేర్చుకో."

అందరూ నవ్వారు. ఆవిడ తల్లి పేరు మీద తెచ్చినవి. ఎవరో చీపురుతో కొట్టినట్టు ముఖం పెట్టుకుని ఇంట్లోకి పోయింది. సంఘపెద్ద ఆ మూడు వందలూ తిప్పి పంపాడు, బట్టీ వాడు గొణిగి తీసుకుని వేరేవి పంపాడు. ఏరడానికి ఆవిడ వెళ్ళలేదు, పనిలో సెలవు దొరకలేదు. వచ్చినవి వచ్చినట్టే మంచివి.

తర్వాత కొలత. ఇరవై ఇటుకలు పొడుగ్గా ఒకదాని పక్కన ఒకటి పేర్చి టేపు పెట్టాలి. ఒక్కో ఇటుక పది అంగుళాలు, ఇరవైకి పదహారడుగుల ఎనిమిది అంగుళాలు. నాలుగు అంగుళాలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. ఇక్కడ సంఘపెద్ద ఒక తప్పు చేశాడు. పోర్టులో చేసి ఉండడు, మా మధ్య చేశాడు. ఇరవై ఇటుకలు ఎవరి దొంతిలోంచి తీయాలి? ఒకరివి తీస్తే ఇంకొకరు అలుగుతారు. ఇరవై ఇళ్ళున్నాయి, ఇంటికి ఒకటి చొప్పున తీద్దామన్నాడు. అందరికీ నచ్చింది. వరసలో నా ఇటుక ఒకటి, మిగతావాళ్ళవి పంతొమ్మిది. టేపు పెడితే అంగుళం కూడా తేడా రాలేదు. ప్రార్థన చేసి ముగించారు.

ఆఖరిది ఇటుకని చిదిపి చూడడం. మా సంఘపెద్దకి తెలిసిన మనిషి ఒకాయన ఇంజినీర్ల కాలేజీలో మిషను దగ్గర పనిచేసేవాడు. ఐదు ఇళ్ళవి ఐదు ఇటుకలు ఆయనకిచ్చాడు, నాది ఒకటి అందులో. ఇటుక మీద బట్టీ గుర్తు అచ్చేసే గుంత ఉంటుంది కదా, నానబెట్టిన ఇటుకకి ఆ గుంతని సిమెంటుతో నింపి, తడి గోనె కింద ఒక రోజు, నీళ్ళలో మూడు రోజులు ఉంచారట. చిదిపే రోజు సంఘపెద్ద నన్నూ తీసుకెళ్ళాడు. వద్దన్నా వెళ్ళేదాన్నే.

పెద్ద ఇనుప మిషను. గుంత పైకి వచ్చేట్టు ఇటుక పడుకోబెట్టి, కింద ఒక ప్లైవుడ్ ముక్క, పైన ఒక ప్లైవుడ్ ముక్క పెట్టారు. పైనుంచి నెమ్మదిగా నొక్కుతుంటే ముల్లు గుండ్రంగా తిరుగుతూ పోతుంది. మొదటి నాలుగూ ఒక చోటికి వచ్చేసరికి పెచ్చులూడి పగిలాయి. చాలినంత బలమే, అంతస్తు వేసుకోవచ్చన్నాడు ఆయన. నాది పెట్టారు. ముల్లు మిగతావి పగిలిన చోటు దాటింది. ఇంకా పోతూనే ఉంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చాలాసేపటికి ఢామ్మని శబ్దమైంది, ముక్కలు ఎగిరి గోడకి తగిలాయి.

"ఇదేమిటి, రాయి తెచ్చారా?" అన్నాడు మిషను ఆయన.

ఆ సాయంత్రం బస్సులో నిలబడే చోటు కూడా లేదు. ఎవరో నా కాలు తొక్కారు. నాకు తెలియలేదు. మా ఆయన పోయాక నవ్వు నా ముఖం మీదకి వచ్చింది ఆ ఒక్క రోజే.

గోడ కట్టే మిస్త్రీ ముర్షిదాబాద్ మనిషి. పెద్దవాడు, గడ్డం తెల్లబడింది. మాట తక్కువ. ఊళ్ళో కోతలు అయ్యాక ఇద్దరు కూలీలతో వచ్చాడు. పునాది పూర్తయ్యింది. మొదటి రోజు ముందర ఉన్న నా దొంతి లోంచి ఇటుకలు తీసుకుని మూల కట్టాడు. రెండో చివర మూల ఇంకొకరి దొంతిలోంచి కట్టాడు. నాలుగైదు వరసలు లేచాక, రెంటికీ మధ్య దారం లాగాడు. దారం ఒక పక్కకి వాలింది. మిస్త్రీ నీటిమట్టం పెట్టి చూశాడు. మూల దగ్గరికి వచ్చి నా ఇటుకని ఒకదాన్ని చేతిలో తిప్పాడు, పక్కన ఇంకొకరిది పెట్టాడు. కిందకి దిగి, నేల ఊడ్పించి, నావి ఇరవై వరసగా పేర్చాడు. పక్కనే మరో ఇంటివి ఇరవై.

ఆ రెండు వరసలూ ఒకే చోట మొదలయ్యాయి, ఒకే చోట ఆగలేదు. నాది ఎనిమిది అంగుళాలు ముందే ఆగిపోయింది. సరిగ్గా పదహారడుగులు.

సంఘపెద్ద టేపు పట్టుకుని వంగి చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఎలాగయ్యిందిది? ఒకటే బట్టీ, ఒకటే అచ్చు."

"అచ్చు ఒకటే. నిప్పు ఒకటి కాదు" అన్నాడు మిస్త్రీ. "ఎక్కువ కాలితే మట్టి ముడుచుకుంటుంది. పొడుగూ తగ్గుతుంది, మందమూ తగ్గుతుంది. ఇవన్నీ ఎవరో కావాలని ఒక్కొక్కటి ఏరినట్టున్నారు."

"నానే ఏరినాను" అన్నాను. "మోత సూసి ఏరినాను. మూడు రోజులు. ఏటి తప్పు? మిషనులో అందరికంటే గట్టిగా నిలబడింది ఇదే. ఈయన్నడుగు."

"గట్టిదే మాసీ. అబద్ధం అనలేదు నేను. కానీ గోడలో ఒక్క ఇటుక నిలబడదు, వరస నిలబడుతుంది. పది వరసలు లేచేసరికి ఈ మూల అంగుళానికి పైగా కిందకి ఉంటుంది. ఆ తేడా సిమెంటుతో నింపితే అతుకు లావవుతుంది. లావు అతుకే ముందు విరిగేది. కింద అతుకు మీద పై ఇటుక నడుము రావాలి, అది కూడా తప్పుతుంది."

"అయితే నావన్నీ ఒక గోడకెట్టీ."

"మూడు వందలతో గోడ రాదు."

"సగం గోడ?"

ఆయన తల ఊపాడు, కాదని. నా వైపు చూడలేదు. ఒక్కో ఇటుకనీ నేను రెండు చేతుల మధ్య పట్టుకున్నాను, చెవి దగ్గర పెట్టుకున్నాను. పొడుగు ఎప్పుడూ చూడలేదు. పదిహేనేళ్ళు మోశాను గానీ కొలత మిస్త్రీ పని అనుకున్నాను. మోతలో బాగా పైకి మోగినవి ఏరడమంటే ముడుచుకున్నవి ఏరడమేనని నాకు ఎవరు చెప్పారు? సర్దారు చెప్పబోయాడు. నేను వాడి నొప్పి అడిగాను.

సంఘపెద్ద ముఖం నల్లబడిపోయింది. "తప్పు నాది కూడాను. ఇంటికొకటి తీయకూడదు. నీ దొంతిలోంచే ఇరవై పెట్టి కొలిచుంటే ఆ రోజే తెలిసేది, తిప్పి పంపేవాళ్ళం. ఇప్పుడు డబ్బు కట్టీసాము, వాడు తీసుకోడు." టేపు చుట్టేస్తూ నెమ్మదిగా అన్నాడు. "వెనక పాయికానా గోడ ఒకటి ఉంది. చిన్నది. దానికి సరిపోతాయి."

నాకు ఒళ్ళు మండింది.

"ఏటన్నావు? మా ఆయన్ని పాయికానాకి కడతావేటి? బతికినంతకాలం నీ గోదాము బస్తాలు మోసినాడు, సచ్చినాక మీ చెంబులకి కాపలా కాయాలా?"

"అలగంటావేటమ్మా..."

"మరెలగనాలి? పెద్దోడివి గదా, నువ్వే సెప్పు."

కూలీలు పని ఆపి చూస్తున్నారు. భాష తెలియకపోయినా పాయికానా అన్న మాట తెలుసు వాళ్ళకి. అప్పుడే పక్కింటావిడ పని నుంచి వస్తూ చీపురు భుజాన పెట్టుకుని ఆగింది. అందరూ ఆవిడ నోటి వైపు చూశారు. ఆ రోజు మాట మరిచిపోయే మనిషి కాదు. నేను కూడా కాచుకున్నాను.

రెండు వరసలూ చూసింది. ఎనిమిది అంగుళాల ఖాళీ చూసింది.

"నావి తాగుబోతులైతే నీవి కురసయిపోయినాయేటప్పా" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత చీపురు కింద పెట్టి, "అన్నం తిన్నావేటి?" అని అడిగింది.

తినలేదన్నాను.

ఆ మూల విప్పేశారు. కట్టిన ఇటుకల సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, తేలిగ్గా వచ్చేశాయి. కడిగి మళ్ళీ నా దొంతిలో పెట్టారు. నాలుగు రోజులు నేను మందిరం వైపు పోలేదు. దొంతి అక్కడే ఉంది, ఒకరూ ముట్టుకోలేదు. దారిలో అడ్డం. కూలీలు చుట్టూ తిరిగి వెళుతున్నారు. పనికి ఆలస్యమవుతోందని పక్కింటావిడ చెప్పేది. వింటూ పడుకున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఒక మనిషి పేరు ఒక చోట పెట్టడానికి ఇంత కష్టమా అనిపించింది. చెక్క పుచ్చింది. ఇటుక పొట్టిదైంది.

ఐదో రోజు మిస్త్రీ మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు, బయటే గొంతుకూర్చున్నాడు.

"మాసీ, ఒక మాట. వింటే విను, లేకపోతే లేదు. నేలకి ఖోవా కావాలి. ఇటుక పగలగొట్టిన ముక్కలు. కింద అవి పరిచి, దిమ్మిసా కొట్టి, పైన సిమెంటు వేస్తాం. మెత్తటి ఇటుక ఖోవాకి పనికిరాదు, పిండి అయిపోతుంది. ఇలా ఎక్కువ కాలిందే కావాలి. నీవి వద్దంటే బయట కొంటాం. నీవి దానికి వాడితే వాటికి అంతకంటే మంచి చోటు లేదు. నేను ముప్పై ఏళ్ళు ఈ పని చేశాను."

"పగలగొట్టాలా?"

"పగలగొట్టాలి."

"గోడైతే కనపడతాది. నేలలో ఏటి కనపడతాది?"

"కనబడదు" అన్నాడు ఆయన. అబద్ధం చెప్పి ఓదార్చలేదు. అందుకే ఒప్పుకున్నానేమో.

వేరే ఎవరో పగలగొడితే చూడలేనని చెప్పాను. నేనే కొడతానన్నాను. గోనె పరుచుకుని, కాళ్ళ ముందు రాయి పెట్టుకుని, చేతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని కూర్చున్నాను. మొదటి ఇటుక మూడు దెబ్బలకి గానీ విరగలేదు. అంత గట్టిది. విరిగినప్పుడు కూడా మోగింది. గుడ్డు కంటే చిన్న ముక్కలు చేయాలి, పిండి రాకూడదు. రోజుకి యాభై దాటలేదు. నడుం పట్టేసేది, లేవడానికి గోడ పట్టుకునేదాన్ని. మూడో రోజు పక్కింటావిడ పని వదిలాక వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక సుత్తి తెచ్చుకుంది.

"నీకెందుకే? పొద్దున్న నాలుగుగంటలకి లేవాలన్నావు గదా."

"లేస్తాన్లే. నీ ఇటికలు కొడితే నా మనసు సల్లారుతాదని ఒచ్చినాను."

"కొట్టు మరి."

కొట్టింది. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం, తన తల్లి పేరు మీద బట్టీ వాడు పంపిన ఇటుకలు తను చేత్తో కూడా ముట్టుకోలేదని చెప్పింది. అవి ఏ గోడలో పోయాయో తెలియదంది. నేను క్షమించమని అడగాలనుకున్నాను. నోటికి రాలేదు. తన ముందు ఉన్న పెద్ద ముక్కలు నా వైపు లాక్కున్నాను, అంతే.

నేల మీద ఆ ఖోవా పరిచారు. దిమ్మిసాతో మూడు రోజులు నీళ్ళు చల్లుకుంటూ కొట్టారు. ఎర్రగా ఉండేది. తర్వాత పైన సిమెంటు వేసి పామేశారు. ఇక ఎరుపు లేదు.

కానీ గోడకి మూడు వందలు తక్కువపడ్డాయి. సంఘం డబ్బుతో కొందామన్నాడు పెద్ద. ఎవరు వెళ్ళాలంటే అందరికీ పనులే. ఎండలు ముదిరాయి, ఇంకొన్ని వారాల్లో బట్టీ ఆపేస్తారు. నేనే లేచాను. టేపు చదవడం నాకు రాదు. అందుకని మిస్త్రీ ఒక సన్నటి తాడు కోసి ఇచ్చాడు. పదహారడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ముడి, ఆ పైన జానెడు తాడు. ముడికి ఇటు నాలుగంగుళాల దగ్గర ఒక నల్లదారం, అటు నాలుగంగుళాల దగ్గర ఒకటి.

"ఈ రెండు దారాల మధ్య ఇరవయ్యో ఇటుక ఆగాలి. ఒక్కచోట కాదు, దొంతికి మూడు చోట్ల చూడు."

సర్దారు నన్ను చూసి ఖాట్ మీద నుంచి లేచాడు. "వచ్చావా మాసీ. నీకోసం గట్టిగా మోగేవి విడిగా పెట్టించనా?"

"ఒద్దు బాబూ. నడిమి వరసలే."

పనివాళ్ళు దొంతి కింద నుంచి, పై నుంచి, లోపల నుంచి తీసి నేల మీద పేర్చారు. తాడు పరిచాను. ఇరవయ్యోది ముడికి బొటనవేలంత లోపల ఆగింది. రెండోసారి ముడి దాటింది కొంచెం. మూడోసారి ముడి దగ్గరే. వరసలో ఒకటి రెండు నేరేడు రంగువి కనబడ్డాయి, సన్నగా ఉన్నవి. వాటిని నేనే తీసి పక్కన పెట్టాను. చేతిలోకి తీసుకున్నాక, అలవాటు కదా, ఒకదానికొకటి తగిలించాను. ఎంత బాగా మోగాయో. కింద పెట్టేశాను.

ఎన్నుకున్న వాటిలో పదింటిని కొట్టి చూశాను. ఖణ్ మన్నాయి, మామూలుగా. పగులు లేదు. గోరుకి గీత పడలేదు. నీళ్ళ పరీక్షకి రెండు గోనెలో కట్టుకున్నాను. అవి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి.

"ఈసారి ఎవరి పేరున మాసీ?" అని సర్దారు అడిగాడు. పోయినసారి నేను చెప్పినట్టున్నాను.

"ఎవరి పేరూ లేదు. మందిరానికి" అన్నాను. "లెక్కెట్టించు."

వాళ్ళు లెక్కపెడుతుంటే నేను తాడు చుట్టుకుంటూ నీడలో కూర్చున్నాను. మూడు వందలు లెక్కపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.